పాత పాటకు పడే పాట్లు

అమెరికా నుంచి వచ్చిన కోడలు ఎంతో శ్రద్ధగా 'పాత పాట' అంటుంది. అత్తగారికి మాత్రం 'ఫాడ ఫాడ' అన్నట్టు వినిపిస్తుంది.

చిక్కు నాలుక ఆగే చోటులో ఉంది. మనం 'త' అనేటప్పుడు నాలుక కొన పై పళ్లకు తగులుతుంది. 'ట' అనేటప్పుడు వెనక్కి మడుచుకుని అంగిలిని తాకుతుంది. ఇంగ్లిష్ వాళ్ల 'టీ' అక్షరం ఈ రెంటికీ నడుమ, పళ్ల వెనకున్న చిగురు గట్టు మీద పుడుతుంది. పైగా అమెరికన్లు దాన్ని అచ్చుల మధ్య తేలిగ్గా తాకించి వదిలేస్తారు. వాళ్ల నోట 'వాటర్' 'వాడర్' అయ్యేది అందుకే.

తేడా వాళ్ల చెవికే సరిగా అందదు. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో, ఇంగ్లిష్ ఇళ్లలోని 6-8 నెలల పిల్లలు చాలామంది హిందీ త, ట శబ్దాల తేడా పట్టుకున్నారు. ఏడాది నిండేసరికి ఆ నేర్పు చాలావరకు పోయింది.

కాబట్టి సాధన చెవితో మొదలుపెట్టాలి. ఇంట్లో ఒకరు నోరు కనపడకుండా వెనక నిలబడి అత్త-అట్ట, కత్తి-కట్టి, కల్లు-కళ్లు జంటల్లో ఏదో ఒక మాట అనాలి. నేర్చుకునేవారు విన్నది ఏదో చెప్పాలి. తప్పులు తగ్గాక నోటి పని. 'త' కోసం ఇంగ్లిష్ 'థిన్' మాటకు నాలుక పెట్టినట్టే పెట్టి, గాలి జారకుండా పళ్లకు ఆనించి మూసి, ఒక్కసారిగా వదలాలి. 'ట' కోసం అమెరికన్లు 'కార్' అని చివరి 'ర్' దగ్గర కాసేపు ఆగి, నాలుక కదపకుండా 'ట' అనాలి. బ్రిటిష్ వాళ్లలో చాలామంది ఆ 'ర్' పలకరు కనుక, వాళ్లు అద్దంలో చూసుకుంటూ నాలుక మడవడమే దారి.

ఇక ఒత్తుల సంగతి. ఇక్కడ ఇబ్బంది 'ఖ' రాకపోవడం కాదు, 'క' రాకపోవడం! ఇంగ్లిష్‌లో మాట మొదట వచ్చే ప, ట, క లకు ఊపిరి దానంతట అదే తోడవుతుంది. పెదవుల ముందు సన్నని కాగితం పట్టుకుని 'పిన్' అంటే కాగితం ఎగురుతుంది, 'స్పిన్' అంటే పెద్దగా కదలదు. ఆ 'స్పి'లోని 'పి'యే మన 'పి'. 'స్పా' అని, 'స్' మనసులోనే అనుకుని, కాగితం కదలకుండా 'పాట' అనగలిగితే పని అయినట్టే. భ, ధ మాత్రం వాళ్లకు నిజంగానే కొత్త. 'క్లబ్ హౌస్' మాటను గబగబా కలిపి అంటూ పోతే 'భ' దగ్గరికి వస్తుంది.

అయితే వాడుకలో మనలోనే చాలామంది 'కథ'ను 'కత' అంటాం, అర్థం చెడదు. 'కళ్లు ఎర్రగా ఉన్నాయి' అనబోయి 'కల్లు' అంటే మాత్రం నవ్వులపాలే. అందుకే కొత్తగా నేర్చుకునేవారు ముందు త-ట, ల-ళ తేడాల మీద కూర్చోవాలి. ఒత్తులు తర్వాత చూసుకోవచ్చు.