కొలను లోతుకు సగటు సరిపోదు

ఫామ్‌హౌస్‌లో ఈతకొలను కట్టించుకున్నవారు నీళ్ల లెక్క ఇలా వేస్తుంటారు: ఒక చివర లోతు 3 అడుగులు, రెండో చివర 6, సగటు నాలుగున్నర. దాన్ని పొడవు, వెడల్పులతో గుణించి ట్యాంకర్లకు ఫోన్ చేస్తారు. నేల ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే వాలుగా దిగితే ఈ సగటు సరైనదే. కానీ చాలా కొలనుల్లో పిల్లలు నిలబడేందుకు కొంత మేర నేల చదునుగా ఉండి, ఆ తర్వాతే వాలు మొదలవుతుంది.

పొడవు 40, వెడల్పు 15 అడుగులున్న కొలను చూద్దాం. మొదటి 14 అడుగులు చదును, లోతు 3. తర్వాతి 22 అడుగుల్లో నేల 3 నుంచి 6 అడుగులకు దిగుతుంది. చివరి 4 అడుగులు మళ్లీ చదునే, లోతు 6. కొలనును పక్క నుంచి చూసినట్టు కాగితం మీద గీయండి. పొడవాటి గోడ మూడు ముక్కలవుతుంది: 14×3 అంటే 42, 22×4.5 అంటే 99, 4×6 అంటే 24. మొత్తం 165 చదరపు అడుగులు. సగటు లెక్కన 180 వచ్చేది.

ఈ 165ని వెడల్పుతో గుణిస్తే 2,475 ఘనపుటడుగులు. అయితే నీళ్లు అంచుదాకా నింపరు కదా! అర అడుగు వదిలితే 300 ఘనపుటడుగులు తగ్గి 2,175 మిగులుతాయి. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున సుమారు 61,500 లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు 13 చాలు. సగటు లోతుతో, అంచుదాకా లెక్కేస్తే 76,400 లీటర్లొచ్చి, 16 ట్యాంకర్లు తెప్పించాల్సి వచ్చేది.

గోడల టైల్స్‌కీ ఆ 165 చదరపు అడుగులే ఆధారం. పొడవాటి గోడలు రెండూ కలిపి 330, చివరి గోడలు 45, 90. మొత్తం 465 చదరపు అడుగులు. అన్ని గోడలూ 6 అడుగుల ఎత్తనుకుని చుట్టుకొలతతో గుణిస్తే 660 అవుతుంది. దాదాపు 200 చదరపు అడుగుల టైల్స్ మిగిలిపోతాయి. వాలు మొదలైన చోటి నుంచి కింది వరసలో ప్రతి టైల్‌నూ ఏటవాలుగా కోయాలి కాబట్టి పది శాతం ఎక్కువ, అంటే 512 తెప్పించుకోవడం మేలు. మొజాయిక్ షీట్లయితే చిన్న ముక్కలు కనుక వృథా తక్కువ.

ప్లాను మీది లోతును నమ్మకండి. ప్లాస్టరింగ్ అయ్యాక లెవెల్ పైపుతో మట్టం చూసి, అంచుల మీదుగా అడ్డంగా దారం కట్టి, నేల వంపు తిరిగే చోటల్లా టేపు దించి కొలవండి. వాలు అనుకున్నదానికన్నా ఒక అడుగు ముందే మొదలైనట్టు అక్కడే తెలుస్తుంది.

లీటర్ల లెక్క కాగితం తర్వాత కూడా వాడాల్సిందే. క్లోరిన్ ఒక పీపీఎం పెంచాలంటే వెయ్యి లీటర్లకు ఒక గ్రాము అసలు క్లోరిన్ కావాలి. ఈ కొలనుకు 61 గ్రాములు చాలు. 76 వేల లీటర్లనుకుని వేస్తే ప్రతిసారీ పావువంతు ఎక్కువే పడుతుంది.