స్టెబిలైజరు కొనేముందు

మొన్న వేసవిలో ఒకనాడు తెల్లవారి లేచి ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల చల్లదనమన్నది లేదు. ఐసు ట్రేలో నీళ్ళు నిలిచి వున్నాయి. రాత్రి కరెంటు పోయిందా అంటే, పోలేదు. ఫ్యాన్లు తిరుగుతూనే వున్నాయి. కాస్త నీరసంగా తిరిగినమాట మాత్రం నిజం. మా అత్తగారు ఇన్సులిన్ సీసా చేత్తో పట్టుకుని, "బాబూ, ఈ మందు యిక పనికొస్తుందంటావా?" అని అడిగారు. తెలుగు యెం.ఏ. చదివినవాడు ఆ ప్రశ్నకు యేం జవాబు చెప్పగలడు? డాక్టరుగారికి ఫోను చేసి, ఆయన చెప్పినట్టు ఆ సీసా పక్కన పెట్టి కొత్తది తెచ్చాను. మరునాడు తెల్లవారితే మళ్ళీ అదే కథ.

ఫ్రిజ్ చెడిందనుకుని మెకానిక్కును పిలిపించాను. అతను దాన్ని ముట్టుకోనైనా లేదు. గోడకున్న స్టెబిలైజరు వంక చూసి నవ్వాడు.

"ఫ్రిజ్‌కేటీ అవలేదు మాస్టారూ! రాత్రిపూట మీ స్టెబిలైజరే దాన్ని ఆపేస్తన్నాది."

వెనక అంటించిన చీటీ చదివితే, పనిచేసే పరిధి 170 నుంచి 270 వోల్టులని వుంది. వచ్చే కరెంటు యెంత తక్కువైనా దాన్ని 230కి లేపి యివ్వడమే స్టెబిలైజరు పని అని అంతవరకూ నా నమ్మకం. అది అలా కాదట. లోపల వుండేది ఒక ట్రాన్స్‌ఫార్మరు, దాని తీగచుట్టకు కొన్ని మెట్లు, ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు మార్చే రిలేలు. దాని చివరి మెట్టుకు కూడా అందనంత కిందికి వోల్టేజి దిగితే, అది ఫ్రిజ్‌కు కరెంటు యివ్వడమే మానేస్తుంది. అలా మానేయడం మంచికే. వోల్టేజి చాలనప్పుడు కంప్రెసరు మోటారు తిరగలేక బిగుసుకుని, కరెంటు మాత్రం విపరీతంగా లాగి, వేడెక్కి కాలిపోతుంది. అంటే నా స్టెబిలైజరు కంప్రెసరును కాపాడింది, మందును పాడుచేసింది! ఫ్యాన్లకు దానితో సంబంధం లేదు గనక అవి తిరుగుతూనే వున్నాయి.

పొరపాటు స్టెబిలైజరుది కాదు. మా యింట్లో వోల్టేజి యెంత వుంటుందో తెలుసుకోకుండా కొన్న నాది.

సాకెట్టులో గుచ్చితే అంకె చూపించే చిన్న వోల్టుమీటర్లు అమ్ముతారు. ఒకటి తెచ్చి, వారం రోజులు పరీక్ష పేపర్లకు మార్కులు వేసినంత శ్రద్ధగా అంకెలు రాసుకున్నాను. మధ్యాహ్నం 220 ప్రాంతం. సాయంత్రం దీపాల వేళకు 190. అందరూ భోజనాలు చేసి యే.సీ.లు వేసుకునే పదిన్నరకు 162. ఒక రాత్రి 154కు కూడా దిగింది. తెల్లవారుజామున వీధంతా నిద్రపోతూండగా 248! మాది గోపాలపట్నం వైపు, ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే లైనుకు చివరి యిల్లు. వాడకం హెచ్చితే దారిలోనే వోల్టేజి తరిగిపోతుంది. వాడకం లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మరు దగ్గర వున్న 250 దాదాపు అలాగే వచ్చేస్తుంది.

ఈ మీటరుతో యింకొక పరీక్ష కూడా చేయాలి. ఫ్రిజ్ మోటారు అందుకునే క్షణంలో అంకె యెంత పడుతుందో చూడాలి. మాకు 4 వోల్టులు పడింది, అది సహజం. మేడమీద వాళ్ళకు 30 పడి, దీపాలు కూడా మినుక్కుమన్నాయి. ఆయన అప్పటికే స్టెబిలైజరు కొనడానికి బయలుదేరుతున్నాడు. ఎలక్ట్రీషియను వచ్చి మెయిను ఆపి బోర్డు విప్పితే, న్యూట్రలు తీగ బిగించిన మర పచ్చగా చిలుం పట్టి వదులై వుంది. మన విశాఖ ఉప్పుగాలి మహాత్మ్యం! ఆ తీగ కొస కత్తిరించి, మర మార్చి బిగించేసరికి జబ్బు కుదిరింది. అటువంటి యింట్లో యెంత ఖరీదైన స్టెబిలైజరు పెట్టినా, వదులు మర దగ్గర వేడి పుడుతూనే వుంటుంది.

యిక నా కొనుగోలు. 154 నుంచి 248 దాకా మా అవసరం. అటూ యిటూ కాస్త వీలు వదిలితే 140 నుంచి 270. డాబాగార్డెన్స్‌లో దుకాణదారు రెండు పెట్టెలు ముందు పెట్టాడు: ఒకటి 130–290, రెండోది 90–300. "రెండోదే తీసుకోండి సార్, పరిధి యెక్కువ" అన్నాడు. వినడానికి బాగానే వుంది. కాని పెట్టెమీద యింకొక వరుస వుంటుంది, దాన్ని యెవరూ చదవరు: బయటికి వచ్చే వోల్టేజి. మొదటిదానికి 200–250 అని వుంది, రెండోదానికి 180–260. యెందుకో లెక్క వేసుకుంటే తెలుస్తుంది. బయటికి 200–250 మధ్యనే రావాలంటే, ఒక్కొక్క మెట్టు తన అడుగు అంకెకు పాతికశాతం పైదాకానే మోయగలదు. 130 నుంచి 162, అక్కడినుంచి 203, 254, ఆపైన 317: నాలుగు మెట్లతో సరిపోయింది. 90 నుంచి మొదలుపెడితే ఆరు మెట్లు కావాలి. మెట్లు పెంచకుండా పరిధి సాగదీస్తే, బయటికి వచ్చే అంకె సాగిపోతుంది. మాకు 90 యెన్నడూ రాదు. రాని వోల్టేజి కోసం, రోజూ వచ్చే వోల్టేజిని చెడగొట్టుకోవడం దేనికి? మొదటిదే తీసుకున్నాను. అది అడుగుమెట్టులో సుమారు ఒకటిన్నర రెట్లు చేసి, 154ను 230 దగ్గరికి తెస్తుంది.

కంపెనీ సంగతి అడుగుతారు. వి-గార్డు వాళ్ళు 1977లో కొచ్చిలో స్టెబిలైజర్లతోనే వ్యాపారం మొదలుపెట్టారు. మైక్రోటెక్, బ్లూబర్డ్ పేర్లు కూడా వింటూనే వుంటాం. నా మటుకు పేరు మూడో సంగతి. మొదటిది పరిధి. రెండోది, రిలే పోతే బాగుచేసే సర్వీసు సెంటరు మన వూళ్ళో వుందా అన్నది. ఒకే కంపెనీ ఫ్రిజ్‌కు వేరు, టీవీకి వేరు, యే.సీ.కి వేరు పరిధులతో చేస్తుంది గనక, పేరు ఒక్కటే చెప్పి కొంటే యేది చేతికొస్తుందో తెలియదు. ఫ్రిజ్‌ది కొనేటప్పుడు, ఆగిన కరెంటు తిరిగొచ్చాక మూడు నిమిషాల వరకు ఆగి యిచ్చే యేర్పాటు వున్నదీ లేనిదీ అడగండి. ఆగిన వెంటనే కంప్రెసరులో గ్యాసు ఒత్తిడి దిగదు. ఆ ఒత్తిడి మీద మళ్ళీ తిప్పితే మోటారు మొరాయిస్తుంది. యిప్పటి ఇన్వర్టరు ఫ్రిజ్‌లలో చాలావాటికి పనిచేసే పరిధి ఫ్రిజ్ మీదే రాసి వుంటుంది. 100–300 అని వుంటే, మా యింటి అంకెలకు వేరే స్టెబిలైజరు అక్కర్లేదు.

టీవీ కథ వేరు. 1988లో ఆదివారం మహాభారతం చూసే రోజుల్లో, వోల్టేజి దిగితే బొమ్మ నాలుగువైపులా కుంచించుకుపోయేది. అర్జునుడి రథం సగమే కనిపించేది. ఆ భయంతోనే యిప్పటికీ టీవీకి స్టెబిలైజరు కొంటున్నాం. నేటి యెల్.యీ.డీ. టీవీ వెనక చీటీ చూడండి. చాలావాటికి 100–240 అని వుంటుంది. మా 154కు అది చలించదు. దాని గండమంతా పైన. వీధిలో న్యూట్రలు తెగితే 230 రావలసిన చోట 300 దాటి, ఒక్కొక్కప్పుడు 400 దగ్గరికి కూడా వస్తుంది. కాబట్టి టీవీకి కింది అంకె కాదు, పైన యెక్కడ కరెంటు ఆపేస్తుందో చూసి కొనాలి. పిడుగుకు మాత్రం యేదీ అడ్డం రాదు. ఉరుము వినగానే ప్లగ్గు పీకడమే.

కొత్తది పెట్టిన రాత్రి పదిన్నరకు వంటింట్లో టక్కుమంది. "యేదో విరిగింది" అన్నారు అత్తగారు. రిలే మెట్టు మారిందన్నమాట. రాత్రికి నాలుగైదుసార్లు అలా వినిపిస్తే బెంగ లేదు. నిమిషానికి పదిసార్లు టకటకలాడితే మాత్రం, వోల్టేజి రెండు మెట్ల సరిహద్దులో వూగుతోందో, రిలే అరిగిందో, వెంటనే మీటరు పెట్టి చూడాలి. యిప్పుడు ఆవిడకు ఆ చప్పుడు అలవాటైంది. అది వినిపించాకనే దీపం ఆర్పుతున్నారు.