ఏడో బెడ్ దగ్గర ఏం జరిగింది?

"నీకు అసలు బాధ్యత లేదు." వార్డులో నలుగురి ముందు ఈ మాట పడితే ఏ నర్సయినా తనకు బాధ్యత ఉందనే వాదిస్తుంది. జరిగిన తప్పు సంగతి అక్కడితో పక్కకు పోతుంది.

అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే సంస్థ ఇలాంటి మాటలకు ఒక వరస చెప్పింది. ముందు సందర్భం, తర్వాత ఆ మనిషి చేసిన పని, ఆపైన దానివల్ల జరిగింది. ఈ మూడింట్లో జనం తడబడేది రెండోదాని దగ్గరే. అక్కడ కెమెరా పెట్టి ఉంటే ఏం కనబడేదో, ఏం వినబడేదో అదే చెప్పాలి. బాధ్యత లేకపోవడం కెమెరాకు దొరకదు. సంతకం లేని చార్టు దొరుకుతుంది.

ఊహకు ఒక వార్డు తీసుకుందాం. ఉదయం ఎనిమిదికి డ్యూటీ మారింది. చార్టులో ఇన్సులిన్ గడి ఖాళీగా ఉండటంతో పగటి నర్సు డోసు సిరంజిలోకి తీసింది. "ఇందాకే ఇచ్చారమ్మా" అని పేషెంటు అనబట్టి ఆగింది. ఆ సాయంత్రం రాత్రి నర్సు డ్యూటీకి రాగానే హెడ్ నర్సు ఆమెను పక్కగదిలోకి పిలిచింది.

"పొద్దున డ్యూటీ మారేముందు ఏడో బెడ్ ఆయనకి ఏడున్నరకి ఇన్సులిన్ ఇచ్చావు. చార్టులో టైమూ రాయలేదు, సంతకమూ లేదు. వెళ్లేటప్పుడు సిస్టర్‌కి చెప్పలేదు కూడా. ఆమె రెండో డోసు ఇవ్వబోయింది. నీ ఫోన్ కలిసేదాకా ఇరవై నిమిషాలు ఆయనకి టిఫిన్ పెట్టలేదు. ఇన్సులిన్ పడ్డాక తినకపోతే షుగర్ పడిపోతుందని నాకు భయం వేసింది. ఆ టైములో ఏమైంది?"

"ఎప్పుడూ ఇంతే" అనలేదు, ఎవరో చెప్పింది కలపలేదు. రెండో డోసు పడినట్టు పెంచి చెప్పలేదు. మొదట నాలుగు పొగడ్తలు పెట్టి "కానీ" అనలేదు. అలా అంటే వినేవాళ్లు ఆ "కానీ" కోసమే కాచుకుంటారు. చివరి ప్రశ్న అడిగాక హెడ్ నర్సు నిజంగానే ఆగింది. ఉద్దేశం అడిగి తెలుసుకోవాల్సిందే తప్ప మనం ఊహించేది కాదు.

"ఐదో బెడ్ సెలైన్ ఊడిందని పిలిచారు మేడమ్. ఫైలు టేబుల్ మీద ఉంది, వచ్చి రాద్దామనుకున్నా. మర్చిపోయా."

తప్పు ఎక్కడ జారిందో ఇప్పుడు తెలిసింది. ఫైలు ఒకచోట, ఇంజెక్షన్ ఇంకోచోట. ఇకమీదట ఇంజెక్షన్ ట్రేతోపాటు ఫైలూ బెడ్ దగ్గరికి రావాలని, సంతకం పెట్టాకే అక్కణ్నుంచి కదలాలని అనుకున్నారు.

ఈ వరస ప్రమాదం ముంచుకొచ్చిన క్షణానికి పనికిరాదు. సిరంజి చేతిలో ఉండగా "ఆగు" అనాలి, అంతే. మిగతా మాట తర్వాత, అదే రోజు, జ్ఞాపకం చెదరకముందే, తలుపు దగ్గరికి వేసి.