గొట్టం ముందు గొంతు, మైకు ముందు గొంతు

1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాడుతుంటే ఎదురుగా మైకు లేదు, పెద్ద గొట్టం ఉంది. గొంతులోని బలమే సూదిని కదిలించి మైనపు పలకపై గాడి గీయాలి. నెమ్మదిగా పాడితే గాడి పడదు, తారస్థాయిలో గట్టిగా అందుకుంటే శబ్దం చీరుకుపోతుంది. అందుకే గాయకులు పై స్వరాల దగ్గర తల వెనక్కి తీసుకునేవారు. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో చెప్పేది. రికార్డులు ముద్రించే జర్మనీలోని పనివాళ్లకు అది గుర్తు.

రికార్డు పట్టేది సుమారు మూడు నిమిషాలే కాబట్టి గంటసేపు సాగే ఆలాపన కొన్ని క్షణాలకు కుదించుకుంది. సంగీతాన్ని మార్చింది ఈ గడియారమేనని చాలామంది అంటారు. నాకైతే 1925లో వచ్చిన విద్యుత్ మైకే అసలు మార్పు తెచ్చిందనిపిస్తుంది. గడియారం పాట పొడవును కత్తిరించింది, మైకు గొంతునే మార్చింది.

మన పద్యమే చూడండి. నాటకంలో చివరి వరుసవాడికీ వినపడాలని నటుడు శ్రుతి పెంచి, రాగం సాగదీసేవాడు. మాట ఆ రాగంలో మునిగిపోయినా వన్స్‌మోర్ పడేది. ఘంటసాల పాడిన పుష్పవిలాపం రికార్డు వినండి. రాగం పొదుపుగా ఉంటుంది, ప్రతి అక్షరం విడిగా తెలుస్తుంది. పువ్వు మొర పెట్టుకునేచోట గొంతు దాదాపు మాటలా దిగుతుంది. ఆ దిగడం మైకు లేని పందిట్లో మూడో వరుస కూడా దాటదు.