కార్డు పెట్టాక బ్యాంకుకు వెళ్లే గళ్లు

పెట్రోలు బంకులో 1,250 రూపాయలకు కార్డు పెట్టారనుకోండి. బ్యాంకుకు వెళ్లే సందేశంలో ఆ మొత్తం `000000125000` అని ఉంటుంది. ఐఎస్ఓ 8583 ప్రమాణం ప్రకారం నాలుగో గడిలో 12 అంకెలు ఉండాల్సిందే. చుక్క ఉండదు, లెక్కంతా పైసల్లోనే. 18వ గడిలో వ్యాపారం రకం ఉంటుంది, బంకుకైతే `5541`. దీన్ని బంకుకు మిషన్ ఇచ్చిన బ్యాంకే ముందుగా కేటాయిస్తుంది. మీ బ్యాంకు క్యాష్‌బ్యాక్ ఇవ్వాలో వద్దో తేల్చుకునేది సాధారణంగా ఈ అంకె చూసే. అది తప్పుగా పడితే మీకు రావాల్సింది రాదు.

జవాబు 39వ గడిలో వస్తుంది. `00` అంటే సరే, `51` అంటే ఖాతాలో డబ్బు చాలదు, `55` అంటే పిన్ తప్పు.

అసలు చిక్కు జవాబే రానప్పుడు. మీ బ్యాంకు డబ్బు కోసుకుని `00` పంపింది, అది దారిలోనే ఆగిపోయింది. మిషన్ కొంతసేపు చూసి ‘విఫలం’ అంటుంది. అప్పుడు ఆ కోతను రద్దు చేయమంటూ `0400` తరగతి సందేశం వెళ్లాలి. అదీ చేరకపోతే బ్యాంకులు తర్వాత లెక్కలు సరిచూసుకున్నప్పుడే తేడా బయటపడుతుంది. అందుకే ఆ స్లిప్పు పారేయకండి. 2019 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆ డబ్బు లావాదేవీ తర్వాత 5 రోజుల్లోగా తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి.