లేత్ గంట ఖరీదు ఎంత?

హైదరాబాద్ బాలానగర్ సందుల్లో జాబ్ వర్క్ చేసే ఏ షెడ్డుకైనా వెళ్లి "సీఎన్‌సీ లేత్ గంటకెంత?" అని అడిగితే, యజమాని తడుముకోకుండా ఒక అంకె చెబుతాడు. అది ఎలా తేలిందని అడిగితే మాత్రం చాలామంది దగ్గర ఒకటే జవాబు: పక్క షెడ్డువాళ్లు అంత తీసుకుంటున్నారు. పక్క షెడ్డుకు వెళ్లినా అదే మాట వినిపిస్తుంది. మరి మొదట లెక్క వేసిందెవరు?

వేయడం కష్టమేమీ కాదు. మిషన్‌కు ఏడాదిలో అయ్యే ఖర్చును అది ఏడాదిలో పనిచేసే గంటలతో భాగిస్తే సరి. తరుగుదల, కరెంటు, రిపేర్లు, బీమా అనే నాలుగు పద్దులు పైన ఉంటాయి, గంటలు కింద ఉంటాయి. మనవాళ్లు పైనున్న పద్దుల గురించి రూపాయి రూపాయికీ వాదించుకుంటారు. కింది అంకెను మాత్రం ఉజ్జాయింపుగా రాసేస్తారు. రేటు తప్పేది ఎక్కువగా అక్కడే.

ఒక్క మిషన్‌ను తీసుకుని చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి, ఎవరి షెడ్డు అంకెలు వాళ్లు పెట్టుకోవచ్చు. లేత్ ధర 18,50,000 రూపాయలు. రవాణా, క్రేన్, పునాది, స్టెబిలైజర్, వైరింగ్ కలిపి మరో 1,50,000. ఇవి కూడా మిషన్ ఖరీదులో భాగమే, ఎందుకంటే అవి లేకుండా మిషన్ తిరగదు. మొత్తం 20 లక్షలు. జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకునేవాళ్లు ఆ పన్నును ఇందులో కలపకూడదు. క్రెడిట్ తీసుకున్న పన్ను మీద తరుగుదల చూపితే చట్టమూ ఒప్పుకోదు. పదేళ్ల తర్వాత ఈ మిషన్‌ను సెకండ్ హ్యాండ్‌లో అమ్మితే 4 లక్షలు వస్తాయనుకుందాం. అంటే మిషన్ పదేళ్లలో అరిగిపోయే విలువ 16 లక్షలు, ఏడాదికి 1,60,000.

ఇక్కడ ఆడిటర్ లెక్కకూ మన లెక్కకూ పొత్తు కుదరదు. ఆదాయపు పన్ను కోసం ఆయన యంత్రాల మీద 15 శాతం తరుగుదల వేస్తాడు. అదీ ఏటేటా మిగిలిన విలువ మీద. ఆ లెక్కన మొదటి ఏడు 3,00,000 వస్తుంది, ఎనిమిదో ఏటికి సుమారు 96,000కు దిగుతుంది. దాన్నే గంటల రేటులో పెట్టామా, ఏడాదికి 2,000 గంటలు తిరిగే మిషన్‌కు మొదటి ఏడు గంటకు 150 రూపాయల తరుగుదల పడుతుంది, ఎనిమిదో ఏట 48 పడుతుంది. అదే మిషన్, అదే బుష్, అదే కోత. కస్టమర్‌కు చెప్పే ధర మాత్రం మూడో వంతుకు రావాలా? పన్ను లెక్క పన్ను కోసమే. రేటు కట్టడానికి ఏటా సమానంగా పంచే పద్ధతే నయం.

ఇంకో పొరపాటు కూడా కనిపిస్తుంది. బ్యాంకు అప్పు కిస్తీని ఖర్చులో వేసి, దాని పక్కనే తరుగుదల కూడా వేయడం. కిస్తీలో అసలు భాగం మిషన్ ఖరీదే కదా. రెండూ కలిపితే ఒకే ఖరీదును కస్టమర్ నుంచి రెండుసార్లు అడిగినట్టు. వడ్డీ మాత్రం వేరే ఖర్చు, దాన్ని విడిగా చూసుకోవాలి.

కరెంటు దగ్గర నేమ్ ప్లేట్ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ప్లేటు మీద 12 కిలోవాట్లని ఉంటే గంటకు 12 యూనిట్లు కాలుతాయని రాసుకుంటారు. అది మిషన్ తీసుకోగల గరిష్ఠ లోడు. పెద్ద షాఫ్ట్ మీద లోతుగా కోత పెట్టినప్పుడు అక్కడిదాకా వెళ్లవచ్చు. చిన్న బుష్‌లు తిప్పేటప్పుడు, చక్‌లో జాబ్ మార్చేటప్పుడు అందులో సగం కూడా లాగదు. ఊహలతో పనిలేకుండా మిషన్ లైనుకు ఒక సబ్ మీటర్ పెట్టి, వారం పాటు మామూలు పనులే చేయించి, కాలిన యూనిట్లను తిరిగిన గంటలతో భాగిస్తే అసలు సంగతి తెలుస్తుంది. మన ఉదాహరణలో గంటకు 5 యూనిట్లు తేలాయనుకుందాం. యూనిట్ ధర కోసం టారిఫ్ కార్డు చూడటం కన్నా బిల్లు చూడటం మేలు. లోడు మీద నెలనెలా పడే స్థిర చార్జీ, ఇతర వడ్డింపులు అన్నీ కలిసిన మొత్తాన్ని యూనిట్లతో భాగిస్తే మనకు నిజంగా పడుతున్న ధర వస్తుంది. అది 9 రూపాయలైతే గంటకు కరెంటు 45.

రిపేర్లకు నిరుటి బిల్లులు చాలవు. నిరుడు ఆయిల్, బెల్టులు, చక్ జాస్, సర్వీసు మనిషి ఖర్చు కలిపి 40,000 అయి ఉండవచ్చు. కానీ స్పిండిల్ బేరింగ్ ఏటా పోదు. ఆరేళ్లకోసారి పోయి, ఒక్కసారే 1,20,000 అడుగుతుంది. పోయిన ఏడాది ఆ భారమంతా ఆ ఏటి జాబుల మీద వేస్తే రేటు ఆకాశానికెళుతుంది, మిగతా ఐదేళ్లూ తక్కువ చెప్పి ఇచ్చేసినట్టవుతుంది. అందుకే ఏటా 20,000 చొప్పున ముందే కలుపుకోవాలి. అప్పుడు రిపేర్ల పద్దు 60,000.

బీమాలో రెండు పాలసీలున్నాయి. షెడ్డుకు తీసుకునే అగ్నిప్రమాద పాలసీ మిషన్ కాలిపోతే డబ్బిస్తుంది. తిరుగుతూ తిరుగుతూ లోపల ఏదైనా విరిగితే ఇవ్వదు, దానికి మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ వేరే ఉండాలి. షెడ్డు మొత్తానికి కోటి రూపాయల మీద 20,000 ప్రీమియం కడుతుంటే, 20 లక్షల మిషన్ వాటా 4,000. బ్రేక్‌డౌన్ పాలసీకి 10,000 అనుకుంటే మొత్తం 14,000. ఒక జాగ్రత్త: బ్రేక్‌డౌన్ పాలసీలో బీమా మొత్తం, అలాంటి కొత్త మిషన్ ఇవాళ కొంటే అయ్యే ధరకు సమానంగా ఉండాలి. ప్రీమియం మిగులుతుందని పుస్తకాల్లోని పాత విలువ రాయిస్తే క్లెయిములో ఆ నిష్పత్తిన కోత పడుతుంది.

ఇక గంటల సంగతి. ఏడాదికి 300 రోజులు, రోజుకు ఒక షిఫ్టు 8 గంటలు, అంటే 2,400. చాలామంది దీంతోనే భాగించి ఊరుకుంటారు. కానీ ఆయిల్ మార్పుకు, సర్వీసుకు, బ్రేక్‌డౌన్‌కు 120 గంటలు పోతాయి. కరెంటు పోయి, మెటీరియల్ రాక, ఆపరేటర్ సెలవు పెట్టి, అసలు జాబే లేక మరో 280 పోతాయి. మిగిలేది 2,000. రిజిస్టర్ లేకపోయినా ఈ అంకె దొరుకుతుంది. చాలా సీఎన్‌సీ కంట్రోలర్లు మిషన్ ఆన్‌లో ఉన్న సమయాన్నీ, ప్రోగ్రామ్ నడిచిన సమయాన్నీ తెర మీదే చూపిస్తాయి. నెలాఖరున ఆ రెండు అంకెలూ రాసుకుంటే చాలు.

ఇప్పుడు భాగిద్దాం. తరుగుదల 80, రిపేర్లు 30, బీమా 7, కరెంటు 45. గంటకు 162 రూపాయలు.

అదే 2,400తో భాగించి ఉంటే 142 రూపాయల 50 పైసలు వచ్చేది. తేడా ఇరవై రూపాయలు కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ మిషన్ నిజంగా తిరిగేది 2,000 గంటలే కాబట్టి, గంటకు 19.50 చొప్పున ఏడాదికి 39,000 వసూలు కాకుండా పోతుంది. ఈ నష్టం ఏ బిల్లులోనూ కనిపించదు. మిషన్ మార్చాల్సిన రోజున డబ్బు చాలనప్పుడు బయటపడుతుంది.

ఆ 2,000 గంటల్లోనూ ఒక మెలిక ఉంది. కొత్త జాబ్ వచ్చినప్పుడల్లా జాస్ మార్చి, టూల్ ఆఫ్‌సెట్లు కొట్టి, మొదటి పీసు కొలిచి చూసేదాకా సెట్టింగే. అది ఏడాదికి 400 గంటలయితే, 162 రేటు నిలవాలంటే సెట్టింగ్ గంటలకు కూడా కస్టమర్ డబ్బు కట్టాలి. ఒక బుష్‌కు 12 నిమిషాలు పడుతుందనుకోండి, మిషన్ ఖర్చు 32 రూపాయల 40 పైసలు. సెట్టింగ్‌కు రెండు గంటలు, అంటే 324 రూపాయలు. యాభై పీసుల ఆర్డరైతే పీసుకు 6.48 కలిపి 38.88 అవుతుంది. పది పీసులే అయితే సెట్టింగే మరో 32.40 పడి, పీసు 64.80కి చేరుతుంది. చిన్న ఆర్డరుకు ఎక్కువ చెప్పారని అలిగే కస్టమర్‌కు ఈ రెండు అంకెలూ చూపించవచ్చు.

162 అంటే కొటేషన్ రేటు కాదని వేరే చెప్పాలా? చెప్పాలి, ఎందుకంటే అలా అనుకునేవాళ్లున్నారు. ఆపరేటర్ జీతం, ఇన్సర్టులు, షెడ్డు అద్దె, వడ్డీ, లాభం ఏవీ ఇందులో లేవు. ఇది ఒక్క మిషన్ తిండి ఖర్చు మాత్రమే.

మార్కెట్ పడిపోయి ఏడాదికి 1,200 గంటల పనే దొరికిందనుకుందాం. తరుగుదల, బీమా కలిపి 1,74,000 ఎలాగూ అవుతాయి. 1,200తో భాగిస్తే గంటకు ఆ రెండే 145 అవుతాయి, ఇంతకుముందు అవి 87. లెక్క అంటోంది కదా అని రేటు పెంచితే ఉన్న కస్టమర్ కూడా పక్క సందుకు వెళ్తాడు. గంటలు ఇంకా తగ్గుతాయి, మళ్లీ లెక్క వేస్తే రేటు ఇంకా పెరుగుతుంది. మామూలు రోజుల్లో దొరికే పనినే లెక్కకు ఆధారం చేసుకుని, రేటును అలాగే ఉంచాలి. ఖాళీగా పోయిన 800 గంటలకు 87 చొప్పున 69,600 అవుతుంది. దాన్ని ఆ ఏటి నష్టంగా విడిగా రాసుకోవడమే సరైన పని. పని చేయించుకున్న కస్టమర్ మీద, రాని కస్టమర్ ఖర్చు వేయడం న్యాయమూ కాదు, వ్యాపారమూ కాదు.

ఇందుకు రివర్సు సందర్భం రెండో షిఫ్టు. గంటలు 4,000 అయ్యాయి కాబట్టి తరుగుదల గంటకు 80 నుంచి 40కి పడిపోతుందని ఉత్సాహపడి రేటు తగ్గించేవాళ్లుంటారు. పదేళ్లపాటు రెండు షిఫ్టులూ తిరిగి, అంటే 40,000 గంటలు ఓర్చుకుని, చివర్లో అవే 4 లక్షలు తెచ్చే మిషన్ ఉంటే ఆ లెక్క నిజమే. స్లైడ్‌వేలు, బాల్ స్క్రూలు అరిగేది క్యాలెండర్ చూసి కాదు. అలాగని అరుగుదల అంతా గంటల వల్లే రాదు, రెండు షిఫ్టులు తిప్పినా తిప్పకపోయినా కంట్రోలర్ పాతబడుతూనే ఉంటుంది. అందుకే నిజం 40కీ 80కీ మధ్యలో ఉంటుంది. కంపెనీల చట్టంలోని రెండో షెడ్యూలు, రెండు షిఫ్టులు నడిచే యంత్రాలకు తరుగుదల 50 శాతం పెంచమంటుంది. ఆ పద్ధతినే ఇక్కడ అరువు తెచ్చుకుంటే ఏడాదికి 2,40,000 అవుతుంది, గంటకు 60. మిషన్ ఆరున్నర ఏళ్లు దాటాక మార్చాల్సి వస్తుందన్నమాట. రిపేర్లు గంటకు 30, కరెంటు 45 అలాగే ఉంచి, బీమాను మూడున్నరకు దించితే రెండు షిఫ్టుల రేటు 138 రూపాయల 50 పైసలు. పోటీ కోసం రేటు తగ్గించదలిస్తే అంతవరకు తగ్గించవచ్చు. అంతకన్నా దిగితే అది రాబోయే మిషన్ డబ్బు.