రోజుకు రెండు రూపాయల మాత్ర, ఏడాదికి ఒక్క పరీక్ష

లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు చేతికొస్తే అందులో ఎనిమిదో తొమ్మిదో వరుసలు కనిపిస్తాయి. సగం చోట్ల అంకెలు నల్లగా బొద్దుగా అచ్చయి ఉంటాయి, చూడగానే గుండె జల్లుమంటుంది. నిజానికి చాలా ల్యాబులు రక్తంలో కొలిచేవి మూడే: మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్. మిగతావన్నీ కూడికలు, తీసివేతలు, భాగహారాలు. ట్రైగ్లిజరైడ్స్‌ను అయిదుతో భాగిస్తే వీఎల్‌డీఎల్. మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌నూ ఆ వీఎల్‌డీఎల్‌నూ తీసేస్తే ఎల్‌డీఎల్. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే మాత్రం ఈ లెక్క పనిచేయదు.

మచిలీపట్నంలో చిన్న టైలరింగ్ షాపు నడుపుకునే 54 ఏళ్ల మనిషి ఒకాయన ఉన్నాడనుకుందాం. ఆరేళ్లుగా షుగరు. బీపీ 150/90. మందులకు నెలకు అయిదొందలకు మించి పెట్టలేడు. రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 228, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్స్ 190. పై లెక్క ప్రకారం వీఎల్‌డీఎల్ 38, ఎల్‌డీఎల్ 152. ఇక్కడ చాలామంది మూడు వేల రూపాయల ‘హార్ట్ ప్యాకేజీ’ వైపు చూస్తారు. ఈయనకు అది అక్కర్లేదు. నలభై దాటిన షుగరు పేషెంటుకు స్టాటిన్ మొదలుపెట్టాలని చాలా వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి, ఎల్‌డీఎల్ 152 ఉన్నా 120 ఉన్నా. అప్పటికే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకూ, ఎల్‌డీఎల్ 190 దాటినవాళ్లకూ కూడా అంతే. వాళ్లకు కావలసింది మాత్ర, మరో పరీక్ష కాదు. ఈ మూడు కోవల్లోకీ రానివాళ్ల విషయంలోనే వయసు, బీపీ, పొగ అలవాటు, కుటుంబ చరిత్ర కలిపి డాక్టరు బేరీజు వేయాలి.

మొదలుపెట్టే ముందు రెండు పరీక్షలకు డబ్బు పెట్టడం దండగ కాదు. ఒకటి, లివర్ ఎంజైములు. రెండోది, ఎల్‌డీఎల్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్. థైరాయిడ్ మందగిస్తే కొలెస్ట్రాల్ దానంతటదే పెరుగుతుంది, అసలు రోగానికి మందు వేస్తే చాలావరకు దిగొస్తుంది. లివర్ పరీక్షను పదేపదే చేయించనక్కర్లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లోనే చెప్పింది. మామూలు లిపిడ్ పరీక్షకు పరగడుపున వెళ్లాలన్న పట్టింపు కూడా ఇప్పుడు లేదు. ట్రైగ్లిజరైడ్స్ మరీ ఎక్కువగా వస్తేనే రాత్రి నుంచి ఏమీ తినకుండా మళ్లీ ఇవ్వాలి. తెలంగాణలో ప్రభుత్వ డయాగ్నస్టిక్ కేంద్రాల ద్వారా లిపిడ్ ప్రొఫైల్ ఉచితంగా చేస్తున్నారు. ముందు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో అడిగి చూడటం మంచిది.

ఇక మాత్ర. మన టైలరుకు డాక్టరు అటోర్వాస్టాటిన్ 20 ఎంజీ రాశాడనుకుందాం. జన ఔషధి కేంద్రంలో ఇలాంటి మాత్ర ఒక్కోటి రూపాయి, రెండు రూపాయల మధ్యలో దొరుకుతుంది. పేరున్న బ్రాండయితే ఆ ధరకు అయిదారు రెట్లు పడొచ్చు. స్ట్రిప్ తిప్పి చూస్తూ ‘‘ఇది అదే మందా బాబూ?’’ అని అనుమానంగా అడిగితే, ‘‘అదే మందు బాబాయ్, పైన బ్రాండు పేరు లేదంతే’’ అంటాడు షాపు కుర్రాడు. అతను చెప్పింది నిజమే. స్ట్రిప్ మీద చూడాల్సినవి మందు పేరు, ఎంజీ, ‘ఐపీ’ అన్న రెండక్షరాలు, గడువు తేదీ. ఐపీ అంటే భారత ఔషధ ప్రమాణాల గ్రంథం ప్రకారం తయారైందని. హైదరాబాద్ కంపెనీలు అమెరికాకు పంపే స్టాటిన్లూ జనరిక్కులే.

రెండు చోట్ల జాగ్రత్త పడాలి. అటోర్వాస్టాటిన్ లేదని దాని బదులు రోసువాస్టాటిన్ అదే ఎంజీలో ఇస్తానంటే ఒప్పుకోకూడదు. రోసువా 10 ఎంజీ బలం అటోర్వా 10 కంటే బాగా ఎక్కువ. రెండోది, బ్రాండు పేరు వెనకాల తగిలించే తోకలు. ‘ఎఫ్’ అని ఉంటే సాధారణంగా ఫెనోఫైబ్రేట్, ‘గోల్డ్’ అని ఉంటే రక్తం పలచబరిచే రెండు మందులు కలిపి ఉంటాయి. స్టెంటు వేయించుకున్నవాళ్లకు ఆ రెండూ ప్రాణావసరం, సొంతంగా ఆపకూడదు. మన టైలరుకు మాత్రం అనవసరం. ట్రైగ్లిజరైడ్స్ 190కి ఫెనోఫైబ్రేట్ కూడా అంతే. షుగరు పేషెంట్లలో స్టాటిన్‌కు దాన్ని జతచేస్తే గుండెపోట్లు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని 2010లో వచ్చిన అకార్డ్ పరిశోధన తేల్చింది.

వెల్లుల్లి గుళికలు, చేపనూనె, పసుపు, దాల్చినచెక్క మాత్రల సంగతి కూడా పరీక్షకు పెట్టారు. 2022లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు వీటిని రోసువాస్టాటిన్ 5 ఎంజీతో నాలుగు వారాలు పోల్చి చూశారు. చిన్న డోసు స్టాటిన్ ఎల్‌డీఎల్‌ను 38 శాతం దాకా దించింది. సప్లిమెంట్లలో ఒక్కటి కూడా ఉత్తుత్తి మాత్రను మించలేదు. ‘జీరో కొలెస్ట్రాల్’ అని రాసి ఎక్కువ ధరకు అమ్మే వంటనూనె మరో తమాషా. వేరుశనగ, పొద్దుతిరుగుడు, తవుడు, ఏ మొక్క నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. ఆ డబ్బుతో బీపీ మాత్ర కొనుక్కోవచ్చు. అన్నట్టు, అయిదొందల్లో ముందు షుగరు, బీపీ మందులు, స్టాటిన్, మూడూ పడాలి. ఈ మూడూ జనరిక్కుల్లో ఆ బడ్జెట్‌లోనే సర్దుకుంటాయి. బీడీ, సిగరెట్ అలవాటుంటే మానడం వీటితో సమానమైన మందు, పైగా ఎదురు డబ్బు మిగులుతుంది.

రెండు మూడు నెలలయ్యాక రెండో లిపిడ్ పరీక్ష. దీన్ని మాత్రం ఎగ్గొట్టకూడదు. అటోర్వా 20 సగటున ఎల్‌డీఎల్‌ను 40 శాతం పైచిలుకు దించుతుంది కాబట్టి 152 కాస్తా 87 దగ్గరికి రావాలి. 148 వచ్చిందంటే మందు మంచిది కాదని వెంటనే బ్రాండు మార్చేయడం తొందరపాటు. ముందు అడగాల్సింది ఎన్ని మాత్రలు మిగిలాయని. ఊరెళ్లినప్పుడు మరచిపోవడం, ఒంట్లో బాగానే ఉందని ఆపేయడం, అసలు కారణాలు చాలాసార్లు ఇవే. ఆపితే కొన్ని వారాల్లోనే పాత అంకె తిరిగొస్తుంది. అటోర్వా, రోసువా పగలు వేసుకున్నా రాత్రి వేసుకున్నా ఒకటే, గుర్తుండే వేళ చూసుకుంటే సరి. మాత్ర సరిగ్గా వేసుకుంటూనే 87 వచ్చి, డాక్టరు పెట్టిన లక్ష్యం 70 అయితే డోసు పెంచవచ్చు. కానీ రెట్టింపు చేసిన ప్రతిసారీ అదనంగా దిగేది ఆరు శాతమే. అదీ చాలకపోతే ఎజెటిమైబ్ అనే మరో జనరిక్ జతచేస్తారు. అంకెలు కుదుటపడ్డాక ఏడాదికొక్క పరీక్ష చాలు.

మందు మానేయడానికి అందరూ చెప్పే కారణం ఒళ్లునొప్పులు. లండన్‌లో ఇలా స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఖాళీ సీసా ఇచ్చి బాధను రోజూ అంకెల్లో రాయించారు. 2020లో వచ్చిన ఆ ఫలితాల్లో స్టాటిన్‌తో కలిగిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ కలిగింది. సగం మంది ఆ లెక్క చూశాక మళ్లీ మందు మొదలుపెట్టారు. అలాగని నొప్పి అబద్ధమని కాదు. రెండు తొడలూ లేదా రెండు భుజాలూ ఒకేసారి పీకుతుంటే డాక్టరుకు చెప్పాలి, అప్పుడే సీపీకే పరీక్ష అవసరం. చాలామందికి డోసు తగ్గించినా, మరో స్టాటిన్‌కు మార్చినా సరిపోతుంది. కండరాల్లో తీవ్రమైన నొప్పి, నీరసంతో పాటు మూత్రం నల్లటి టీ రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. గర్భం కోసం చూస్తున్న ఆడవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ రాసినప్పుడు స్టాటిన్ వాడుతున్నట్టు చెప్పడం మరవకూడదు. అది అటోర్వాను రక్తంలో పేరుకుపోయేలా చేస్తుంది కనుక ఆ కొద్ది రోజులూ స్టాటిన్ ఆపమనో డోసు తగ్గించమనో డాక్టరు చెబుతాడు.